మెరూన్ టీ షర్టుల మీద తెల్ల అక్షరాలు ఉతకకముందే గులాబీ రంగుకు తిరిగాయి: తప్పు బట్టదా, ముద్రణదా?

గోదారిగట్టు
మా పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల తర్వాత కలుసుకుంటున్నందుకు అరవై టీ షర్టులు ప్రింట్ చేయించాము. బట్ట మెరూన్ రంగు, ఛాతీ మీద బడి పేరు తెల్ల అక్షరాలలో, వీపు మీద బ్యాచ్ సంవత్సరం పెద్ద తెల్ల అంకెలలో ఉంటాయి. ఆర్డరు తీసుకునేటప్పుడు దుకాణంవారు ఫోనులో పంపిన వివరణ ఇంతే: "ప్రీమియం కాటన్, 180 జీఎస్ఎం, స్క్రీన్ ప్రింట్, ఎన్నిసార్లు ఉతికినా పోదు." గురువారం సాయంత్రం కట్టలు తెచ్చుకున్నప్పుడు అక్షరాలు సున్నం వేసినంత తెల్లగా ఉన్నాయి. ఆదివారం పంచడానికి విప్పేసరికి అవి లేత గులాబీ రంగులో కనిపించాయి. ఇప్పటికి పదకొండు మంది ఉతికారు, వారిలో నలుగురి షర్టుల మీద అంకెలు సన్నగా పగిలాయి. దుకాణంవారిని అడిగితే మీరు వేడి నీళ్లలో నానబెట్టి ఉంటారని అంటున్నారు.

ఇది నిజంగా ఉతకడంలో జరిగిన తప్పేనా? ఉతకని నలభై తొమ్మిది షర్టులను బాగుచేసుకునే దారి ఉందా? ఇంకో నలభై కావాలని విదేశాల్లో ఉన్న మిత్రులు అడుగుతున్నారు కాబట్టి, ఈసారి వివరణలో ఏమేమి రాసి ఇమ్మని అడగాలో కూడా చెప్పండి.

మల్లెతోట
ఎరుపు, మెరూన్ బట్టలు మొదటి రెండు మూడు ఉతుకులలో రంగు వదులుతాయి. ఆ నీళ్లు తెల్ల అక్షరాలకు అంటుకుని ఉంటాయి. మా ఇంట్లో కొత్త ముదురు బట్టలను ఉప్పు వేసిన చన్నీళ్లలో విడిగా నానబెట్టాకే మిగతా బట్టలతో కలుపుతాము. మీవారు అలా చేయకుండా డిటర్జెంట్ పొడిలో రాత్రంతా ఉంచి ఉంటారు.

గోదారిగట్టు
మల్లెతోట గారూ, నీళ్లు తగలని షర్టులు కూడా గులాబీ రంగులోనే ఉన్నాయి. నా షర్టు ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది, దాని మీద అక్షరాలు కూడా తెల్లగా లేవు. అందుకే ఉతకడం మీద నింద వేయడం నాకు మింగుడుపడడం లేదు.

స్క్వీజీపట్టు
విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాను. అభిప్రాయం చెప్పే ముందు రెండు విషయాలు చూసి రాయండి. మొదటిది, కట్టలో పైన ఉన్న షర్టుకూ మధ్యలో ఉన్న షర్టుకూ గులాబీ రంగులో తేడా ఉందేమో పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. రెండవది, ఒక షర్టు కింది అంచు మడత లోపలి నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో కాల్చండి. కుట్టుదారం కాకుండా బట్ట పోగులే తీయాలి, ఎందుకంటే కాటన్ షర్టును కూడా చాలాసార్లు పాలిస్టర్ దారంతోనే కుడతారు.

రంగులపెట్టె
నేనూ టీ షర్టుల గురించే అడగాలనుకుంటున్నాను. మా పాప పుట్టినరోజుకు తెల్ల కాటన్ షర్టు మీద ఫోటో వేయించాను. అది సబ్లిమేషన్ ప్రింట్ అని చెప్పారు. ఒక్క ఉతుకుకే బొమ్మ నీడలా మిగిలింది. దీనికి కూడా ఉప్పు నీళ్లు పనిచేస్తాయా?

స్క్వీజీపట్టు
రంగులపెట్టె గారూ, మీ ప్రశ్న వేరే అయినా సమాధానం చివరికి ఇక్కడికే వస్తుంది. సబ్లిమేషన్ రంగు సుమారు 190 నుంచి 200 డిగ్రీల వేడిలో ఆవిరై పాలిస్టర్ పోగు లోపలికి వెళ్లి అక్కడ ఉండిపోతుంది. కాటన్ పోగు దానిని పట్టుకోలేదు, పైపైన అంటిన రంగు మొదటి ఉతుకులోనే పోతుంది. ఉప్పు కాదు కదా, ఏది వేసినా అది తిరిగి రాదు. తెల్ల పాలిస్టర్ షర్టు మీద అదే ఫోటో వేయించి ఉంటే బట్ట చిరిగేవరకు పగులు అనేదే ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ బట్ట పైన పొర అంటూ ఏమీ ఉండదు.

గోదారిగట్టు
మీరు చెప్పిన రెండూ చేశాను. కట్టకు పదిహేను షర్టుల చొప్పున నాలుగు కట్టలు వచ్చాయి, వాటిలో ఒకటి ఇంకా విప్పలేదు. దాని పైషర్టు మీద అక్షరాలు దాదాపు తెల్లగానే ఉన్నాయి, చూసీ చూడనట్టు మాత్రమే గులాబీ ఛాయ ఉంది. ఏడవ షర్టు, ఎనిమిదవ షర్టు మాత్రం స్పష్టంగా గులాబీ రంగులో ఉన్నాయి. అందులోనూ వీపు మీద అంకెలు ఛాతీ అక్షరాల కంటే ముదురుగా ఉన్నాయి.

పోగులను కాల్చినప్పుడు మొదట కాగితం కాలిన వాసన వచ్చి కొంత బూడిద రాలింది, కానీ చివర నల్లని గట్టి పూస మిగిలింది. ఆరిన తర్వాత గోటితో నొక్కినా అది నలగలేదు.

స్క్వీజీపట్టు
అయితే అది ప్రీమియం కాటన్ కాదు, కాటన్, పాలిస్టర్ కలిసిన బట్ట. మా వ్యాపారంలో దానిని పీసీ బట్ట అంటాము. బూడిద కాటన్‌ది, గట్టి పూస కరిగి గడ్డకట్టిన పాలిస్టర్‌ది. ఏది ఎంత శాతం ఉందో ఈ పరీక్ష చెప్పదు, కలిసిందని మాత్రం చెబుతుంది.

ఇక గులాబీ రంగు సంగతి. కాటన్‌కు సాధారణంగా వేసే రియాక్టివ్ రంగు పోగుతో రసాయనికంగా ముడిపడిపోతుంది, వేడికి ఆవిరై బయటకు రాదు. పాలిస్టర్‌కు వేసే రంగు అలాంటిది కాదు. అది పోగులో ఇరుక్కుని ఉంటుంది, వేడి తగిలితే కదులుతుంది. రంగులపెట్టె గారి ఫోటోలో దేనిని వాడుకుందామనుకున్నారో, మీ షర్టుల మీద అదే గుణం పిలవకుండా వచ్చింది. మీకు వేసిన తెల్ల ఇంకు ప్లాస్టిసాల్ అయి ఉండాలి, వీపు మీద అంకెలు తడిమితే రబ్బరు పొరలా తగులుతాయి. ఆ ఇంకు గాలికి ఆరదు. మామూలు రకం అయితే పొర అడుగు వరకు సుమారు 160 డిగ్రీల వేడి చేరితేనే గట్టిపడుతుంది. పాలిస్టర్‌లోని మెరూన్ రంగు ఆ వేడికి ఎంతో ముందే కదలడం మొదలుపెట్టి, పైనున్న మెత్తని తెల్ల పొరలోకి ఎక్కుతుంది. డ్రయర్ నుంచి దిగిన క్షణాన అక్షరం తెల్లగానే కనిపిస్తుంది, గంటలూ రోజులూ గడిచేకొద్దీ రంగు పైకి తేలుతుంది. షర్టులను చల్లారనివ్వకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినందువల్ల మధ్యలో వేడి నిలిచిపోయింది, అందుకే మీ ఏడవ షర్టు పైషర్టు కంటే ఎక్కువ మారింది. ఉతికినవారి తప్పు ఇందులో ఏమీ లేదు.

మల్లెతోట గారు చెప్పినది వేరే బట్టల విషయంలో నిజమే. రంగు సరిగా కడగని కాటన్ నీళ్లలో రంగు వదులుతుంది, పక్కన ఉన్న తెల్ల చొక్కాకు అంటుతుంది. అలా అయిందో లేదో తెలుసుకోవాలంటే తడి తెల్లగుడ్డతో బట్ట మీద రుద్ది చూడాలి.

మల్లెతోట
తడి గుడ్డతో రుద్దితే రంగు అంటకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ పగుళ్ల మాట ఏమిటి? ఎక్కువ వేడి పెట్టినందువల్లే రంగు ఎక్కిందని అంటున్నారు. అంత వేడి తగిలిన ఇంకు గట్టిగా ఉండాలి కదా, ఎందుకు పగిలింది?

స్క్వీజీపట్టు
చాలా సరైన ప్రశ్న అడిగారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముదురు రంగు పీసీ బట్ట మీద పనిచేసేవాడు మొదటి నాలుగు షర్టులు గులాబీగా మారడం చూసి వేడి తగ్గిస్తాడు, లేకపోతే డ్రయర్ బెల్టు వేగం పెంచుతాడు. అప్పుడు ఇంకు పైభాగం గట్టిపడుతుంది, బట్టను పట్టుకోవలసిన అడుగుభాగం పచ్చిగా మిగులుతుంది. చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది, ఉతికాకగానీ బయటపడదు. వేడి పెంచితే రంగు ఎక్కుతుంది, తగ్గిస్తే పగులుతుంది. మీ షర్టులలో వీపు అంకెలు పెద్దవి, వాటి మీద ఇంకు మందంగా పడి ఉంటుంది కాబట్టి పగుళ్లు ముందు అక్కడే వచ్చాయి. ఇంకు సగమే గట్టిపడినా రంగు ఎక్కడానికి చాలినంత వేడి మాత్రం తగిలింది. అందుకే రెండు తప్పులూ ఒకే షర్టు మీద కనిపిస్తున్నాయి.

ఉతకని షర్టు ఒకటి తీసుకుని అంకెకు రెండు వైపులా పట్టుకుని మెల్లగా సాగదీయండి. బాగా ఉడికిన ఇంకు బట్టతోపాటు సాగి తిరిగి దగ్గరకు వస్తుంది. పచ్చి ఇంకు చీలి, చీలికలో మెరూన్ కనిపిస్తుంది.

గోదారిగట్టు
తడి తెల్లగుడ్డకు రంగు ఏమీ అంటలేదు. అంకెను సాగదీస్తే ఒక్క ఉతుకు కూడా లేని షర్టు మీద కూడా సన్నని చీలికలు వచ్చాయి, వాటిలో మెరూన్ కనిపిస్తోంది. ఛాతీ అక్షరాలు మాత్రం చీలలేదు.

చిన్నదుకాణం
అవతలి పక్షం కూడా వినాలని రాస్తున్నాను. నాకు మండల కేంద్రంలో చిన్న ముద్రణ దుకాణం ఉంది. అరవై షర్టులు ఎల్లుండికి కావాలని వస్తారు, ఒక్కొక్కదానికి ఇరవై రూపాయలు తగ్గించమని అడుగుతారు. నేను బట్ట నేయను, టోకు వ్యాపారి కాటన్ అని బిల్లు మీద రాసి ఇచ్చినదే తెస్తాను. ఆ దుకాణం అతను కావాలని మోసం చేశాడని నేను అనుకోవడం లేదు, అతనికి కూడా బట్ట గురించి తెలియకపోయి ఉండవచ్చు. ఇక పగుళ్లకు హీట్ ప్రెస్ కింద మళ్లీ ఒకసారి నొక్కితే ఇంకు ఉడుకుతుంది, నేను అలా చాలాసార్లు సరిచేశాను.

స్క్వీజీపట్టు
కాటన్ మీద అయితే మీ మాట సరైనదే, ఉడకని ప్లాస్టిసాల్‌ను మళ్లీ వేడి చేసి గట్టిపరచవచ్చు. ఒకసారి ఉతికి పగిలిన చోట మాత్రం చీలిక పూడదు. ఈ పీసీ బట్ట మీద మళ్లీ వేడి పెడితే మిగిలిన తెలుపు కూడా పోతుంది. టోకు వ్యాపారి మాటను నమ్మడం అర్థం చేసుకోగలను, కానీ నాలుగు పోగులు కాల్చి చూడడానికి రెండు నిమిషాలే పడుతుంది. కొనేవారికి "కాటన్" అని రాసి ఇచ్చిన తర్వాత ఆ మాటకు బాధ్యత మనదే.

తిరుప్పూరుదారి
మాది చిత్తూరు జిల్లా, తిరుప్పూరులో బట్ట కొనుగోలు పని చేస్తాను. ఇక్కడ మిశ్రమ బట్ట అంటే నాసిరకం అనే ధ్వని వినిపిస్తోంది, దానితో నేను ఏకీభవించను. పీసీ బట్ట కాటన్ కంటే తక్కువ కుంచించుకుంటుంది, ముడతలు తక్కువ, త్వరగా ఆరుతుంది. రోజూ ఉతికే యూనిఫారాలకు అది కావాలనే అడుగుతారు. తప్పు బట్టలో లేదు, ఏ బట్టో చెప్పకపోవడంలో, దానికి తగిన ఇంకు వాడకపోవడంలో ఉంది.

అలాగే 180 జీఎస్ఎం అనేది చదరపు మీటరు బట్ట బరువు మాత్రమే. అది పోగు ఏమిటో చెప్పదు, నాణ్యత కూడా చెప్పదు. దువ్విన నూలుతో అల్లి బయోవాష్ చేసిన 160 బట్ట మీద ముద్రణ, దువ్వని నూలుతో అల్లిన 200 బట్ట మీద కంటే ఎక్కువకాలం శుభ్రంగా కనిపించవచ్చు. బయోవాష్ చేసినప్పుడు ఎంజైము బట్ట పైనున్న సన్నని నూగును తినేస్తుంది. ఆ పని చేయని బట్టలో నూగు ఉతుకు ఉతుకుకూ ఇంకు పొరలోంచి పైకి లేస్తుంది. చూసేవారు రంగు వెలిసిందని అనుకుంటారు. భూతద్దంతో చూస్తే ఇంకు అలాగే ఉంటుంది, దాని మీద బట్ట వెంట్రుకలు పరుచుకుని ఉంటాయి.

నూలుబట్టే
ఇంత గొడవ ఎందుకు, నూటికి నూరు పాళ్లు కాటన్ తీసుకుని డీటీజీ వేయించుకోండి. ఇంకుజెట్ యంత్రం నేరుగా బట్ట మీదే అచ్చువేస్తుంది, రబ్బరు పొర ఉండదు, పగలదు. నా దగ్గర అలాంటి తెల్ల షర్టు మూడేళ్లుగా ఉంది.

స్క్వీజీపట్టు
తెల్ల షర్టు మీద మీ అనుభవం నిజమే. మెరూన్ మీద తెల్ల అక్షరం వేయాలంటే డీటీజీలో కూడా ముందు బట్ట మీద ఒక ద్రావణం చల్లి ఆరబెట్టి, దాని మీద తెల్ల ఇంకు పరచాలి. ఆ ద్రావణం తక్కువైతే తెల్ల ఇంకు బట్టలోకి ఇంకిపోయి బూడిద రంగుగా కనిపిస్తుంది, కొన్ని ఉతుకులలో పలచబడుతుంది. పైగా ఒకే బొమ్మ నలభై షర్టుల మీద కావాలంటే స్క్రీన్ ప్రింటింగే చవక. ఒక్కో షర్టు మీద ఒక్కో పేరు కావాలంటే అప్పుడు డీటీజీ గురించి ఆలోచించవచ్చు.

డల్లాస్‌తెలుగు
మా క్రికెట్ జట్టుకు హైదరాబాదు నుంచి డీటీఎఫ్ ముద్రణతో పాలిస్టర్ షర్టులు తెప్పించుకున్నాము. ఫిల్ము మీద అచ్చువేసి, జిగురు పొడి కరిగించి, హీట్ ప్రెస్‌తో షర్టుకు అంటించే పద్ధతి అది. ఇండియాలో ఉన్న ఆటగాళ్ల షర్టులు ఏడాదిగా బాగానే ఉన్నాయి. ఇక్కడ మావి మూడు నెలలకే మూలల్లో లేచాయి. తేడా ఏమిటని చూస్తే, మేమంతా డ్రయర్‌లో ఎక్కువ వేడిలో ఆరబెడుతున్నాము, వారు తీగ మీద ఆరేస్తున్నారు. జిగురు వేడికి కరిగే రకం కాబట్టి అలా జరిగిందని నా అనుమానం. విదేశాల్లోని మిత్రులకు పంపేవాటి వివరణలో ఆరబెట్టే పద్ధతి కూడా రాయించండి.

చిన్నదుకాణం
మూలలు లేవడానికి మొదటిసారి సరిగా నొక్కకపోవడం కూడా కారణం కావచ్చు. ఫిల్ము ఊడదీసిన తర్వాత రెండవసారి నొక్కాలి, తొందరలో చాలామంది అది వదిలేస్తారు. ఇండియా షర్టులు, మీ షర్టులు ఒకే రోజు చేసినవో కాదో తెలియకుండా డ్రయర్‌నే తప్పుపట్టలేము.

డల్లాస్‌తెలుగు
ఒకే ఆర్డరే, కానీ రెండు విడతలుగా వచ్చాయి. మీరు అన్నది నేను కొట్టిపారేయలేను.

మల్లెతోట
డీటీఎఫ్ అయితే పాలిస్టర్ రంగు ఎక్కదా?

స్క్వీజీపట్టు
అక్కడ కూడా ఎక్కుతుంది. ప్రెస్ వేడి సుమారు 150 డిగ్రీలు ఉన్నా పది పదిహేను సెకన్లే తగులుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. ఎర్రటి ఆటల షర్టుల మీద తెల్లని డీటీఎఫ్ నంబరు వారం తర్వాత గులాబీగా మారడం నేను చూశాను.

గోదారిగట్టు
దుకాణంవారిని కలిసి కాల్చిన పూస, సాగదీసిన షర్టు చూపించాను. బట్ట విషయంలో తమకూ తెలియదని ఒప్పుకున్నారు, తదుపరి నలభైకి ముద్రణ కూలి తీసుకోబోమని అన్నారు. పాత వాటిలో ఒకదాన్ని నా ఎదుటే మళ్లీ ప్రెస్ కింద పెట్టారు. అంకె గట్టిపడింది, సాగదీస్తే చీలలేదు, కానీ మరునాటికి పూర్తిగా గులాబీ అయింది. గులాబీ అక్షరాల మీద అదే స్క్రీన్‌తో నల్ల ఇంకు వేసిస్తామని కూడా అంటున్నారు. ఇది మంచిదేనా?

స్క్వీజీపట్టు
నలుపు మీద గులాబీ కనిపించదు కాబట్టి రంగు సమస్య పోతుంది. అయితే పాత అక్షరం మీద కచ్చితంగా కూర్చోబెట్టాలి, ఒక మిల్లీమీటరు జరిగినా అంచున గులాబీ గీత కనిపిస్తుంది. అడుగున ఉన్న పచ్చి పొర ఊడితే నలుపు కూడా దానితోపాటే ఊడుతుంది, కాబట్టి ముందు ప్రెస్ చేయించి, ఉతకని షర్టులకే వేయించండి. పగిలిన నాలుగింటి మీద వేయించకండి.

కొత్త నలభైకి మెరూన్ కాటన్ తీసుకుంటే ఈ తలనొప్పే ఉండదు. పీసీ బట్టే కావాలనుకుంటే తక్కువ వేడిలో ఉడికే, రంగును అడ్డుకునే ఇంకు వాడాలి, లేదా తెలుపు కింద బూడిద రంగు అడ్డుపొర వేయాలి. అడ్డుపొర వేస్తే అక్షరం మందంగా తగులుతుంది.

తిరుప్పూరుదారి
కాటన్ అయినా కొంత కుంచించుకుంటుంది. ఎంత అనేది దుకాణం మాట మీద రాయించకండి. ఒక షర్టు పొడవు, ఛాతీ వెడల్పు కొలిచి, ఉతికి ఆరబెట్టి మళ్లీ కొలిచి ఆ రెండు అంకెలూ రాయించండి.

గోదారిగట్టు
అందరి మాటలూ కలిపి ఈ వివరణ తయారుచేశాను. తప్పులుంటే దిద్దండి.

"మెరూన్ టీ షర్టు. బట్ట నూరు శాతం కాటన్, దువ్విన నూలు, బయోవాష్ చేసినది, 180 జీఎస్ఎం, పోగు కాల్చి చూసినది. ముద్రణ స్క్రీన్ ప్రింట్, తెల్ల ప్లాస్టిసాల్ ఇంకు, ఛాతీ మీద, వీపు మీద. నమూనా షర్టును ముద్రించి వారం రోజులు ఉంచి, తర్వాత చన్నీళ్లలో మెషీన్‌లో అయిదుసార్లు ఉతికి, ఉతకని షర్టు పక్కన పెట్టి చూశాము. తిరగేసి ఉతకాలి, బ్లీచింగ్ వాడకూడదు, అక్షరాల మీద బ్రష్‌తో రుద్దకూడదు, ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టకూడదు, నీడలో ఆరేయాలి, డ్రయర్ వాడేవారు తక్కువ వేడి పెట్టుకోవాలి."

చిన్నదుకాణం
"చూశాము" అని ఆపేశారు. చూస్తే ఏమి కనిపించిందో రాయాలి. నేను కొనేవాడినైతే అదే అడుగుతాను. "ఎన్నిసార్లు ఉతికినా పోదు" అని ఇంతకాలం నా దుకాణం గోడ మీద కూడా రాసి ఉంది, ఈ రోజు తీసేశాను.

స్క్వీజీపట్టు
ఆయన మాటే నాది కూడా. వీపు అంకెను ఉతికిన తర్వాత సాగదీసి చూసిన ఫలితాన్ని విడిగా రాయండి, ఎందుకంటే ఇంకు మందంగా ఉన్న చోటే ముందు చెడుతుంది.

మల్లెతోట
మా ఇళ్లలో చాలామంది బండ మీద బ్రష్‌తోనే ఉతుకుతారు. వద్దని రాసినంత మాత్రాన మానరు. ఒక నమూనాను అలా కూడా ఉతికి చూస్తే బాగుంటుంది.

గోదారిగట్టు
రెండు నమూనాలు వేయించాను. పోగు కాల్చి చూశాను, మెత్తని బూడిదే మిగిలింది, పూస లేదు. వారం తర్వాత కూడా అక్షరాలు తెల్లగానే ఉన్నాయి. మెషీన్‌లో ఉతికిన షర్టు అయిదు ఉతుకుల తర్వాత పొడవులో 71 సెంటీమీటర్ల నుంచి 69కి వచ్చింది, వెడల్పు 53 నుంచి 52కి తగ్గింది. వీపు అంకెను సాగదీస్తే చీలలేదు. బండ మీద ఉతికిన షర్టుకు మూడో ఉతుకులో రెండవ అంకె అంచున గోరంత ముక్క లేచింది. అది బ్రష్ వల్లనా, అక్కడ ఇంకు పలచగా పడినందువల్లనా అన్నది తేల్చలేకపోయాను. ఈ అంకెలన్నీ వివరణలో చేర్చి, ఆ లేచిన ముక్క ఫోటోతో సహా నలభై మందికీ పంపాను. ముప్పై ఆరు మంది కావాలని చెప్పారు.

స్క్వీజీపట్టు
లేచిన ముక్క అడుగున బట్ట ఎలా ఉందో చూడండి. ఇంకు శుభ్రంగా వదిలేసి ఉంటే అక్కడ అది బట్టను పట్టుకోలేదని అర్థం. బట్ట నూగు కూడా ముక్కతోపాటు ఊడి వచ్చి ఉంటే అది బ్రష్ పనే.

గోదారిగట్టు
చూశాను, ముక్క వెనుక మెరూన్ నూగు అంటుకుని ఉంది. ముప్పై ఆరు షర్టులు ఆర్డరు ఇస్తున్నాను, డ్రయర్ నుంచి దిగాక పూర్తిగా చల్లారకముందు పేర్చవద్దని బిల్లు మీద రాయించాను.